పది గంటలు వెనకబడ్డ పెళ్లి ఫొటోలు

పెళ్లి ఫొటోలన్నీ ఒక్క ఫోల్డర్‌లో వేసి, తీసిన సమయం ప్రకారం వరుస పెట్టమంటే కంప్యూటర్ క్షణంలో పెట్టేస్తుంది. కానీ ఆ వరుసలో పొద్దున పందిరికి మామిడి తోరణాలు కడుతున్న ఫొటోల మధ్యలో వధూవరులు తలంబ్రాలు పోసుకుంటూ కనిపిస్తారు. ఆ రోజు ఉదయం జరిగిన మంగళస్నానాల ఫొటోల్లో కొన్ని ముందురోజు రాత్రిలోకి వెళ్లిపోతాయి. ఇందులో కంప్యూటర్ తప్పేమీ లేదు. ఆ పెళ్లిని రెండు కెమెరాలతో తీశారు. స్టూడియో వాళ్ల కెమెరా గడియారం మన కాలంలో ఉంది. రెండోది డల్లాస్ నుంచి వచ్చిన బంధువుది, దాని గడియారం ఇంకా డల్లాస్‌లోనే ఉంది.

విదేశాల నుంచి ఎవరో ఒకరు కెమెరా పట్టుకొచ్చే తెలుగు పెళ్లిళ్లలో ఇది చాలా మామూలుగా జరిగేదే. ఫోన్ గడియారాన్ని నెట్‌వర్క్ సరిచేస్తుంది కాబట్టి విమానం దిగగానే అది మన కాలానికి మారిపోతుంది. చాలా కెమెరాలకు ఆ సౌకర్యం ఉండదు, మెనూలోకి వెళ్లి మనిషే మార్చాలి. పెళ్లి హడావుడిలో అది గుర్తుండేది ఎవరికి? నాలుగైదు వందల ఫొటోలు తీశాక, ఆల్బమ్ చేయడానికి కూర్చున్నప్పుడు గాని సంగతి బయటపడదు.

డిజిటల్ కెమెరా ఫొటో తీసిన ప్రతిసారీ ఫైలు లోపల కొన్ని వివరాలు రాస్తుంది. ఆ రాత పద్ధతిని ఎక్సిఫ్ అంటారు. అందులో తీసిన సమయం ఉండే గడి పేరు `DateTimeOriginal`. ఏడాది, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను అందులో ఉంటాయి. ఆల్బమ్ సాఫ్ట్‌వేర్‌లు వరుస పెట్టడానికి ముందుగా చూసేది దీన్నే. ఫైల్ పక్కన కంప్యూటర్ చూపించే తేదీ వేరు. ఫైలును కాపీ చేసినా, మార్చి సేవ్ చేసినా ఆ తేదీలు మారిపోవచ్చు. తీసిన సమయం కావాలంటే ఎక్సిఫ్‌లోకే వెళ్లాలి.

ఇక్కడ అసలు ఊరట ఒకటి ఉంది. ఆ కెమెరా చూపించిన సమయం తప్పే గాని, గడియారం నడక తప్పు కాదు. మంగళసూత్రధారణకీ తలంబ్రాలకీ మధ్య నిజంగా ఎన్ని నిమిషాలు గడిచాయో, ఫైళ్లలో కూడా అన్నే నిమిషాల తేడా ఉంటుంది. అందుకే ఒక్కో ఫొటో సమయాన్ని వెతికి దిద్దక్కర్లేదు. తేడా ఎంతో ఒక్కసారి కచ్చితంగా తెలిస్తే, ఆ కెమెరా ఫొటోలన్నిటినీ అంతే దూరం ముందుకు జరిపితే సరిపోతుంది. పని మొత్తానికీ ఆ ఒక్క అంకె మీదే బరువు.

ఆ అంకెను లెక్క వేసి చెప్పేయొచ్చు కదా అనిపిస్తుంది. వేసవి పెళ్లి అయితే డల్లాస్ కన్నా మనం 10 గంటల 30 నిమిషాలు ముందుంటాం. చలికాలంలో అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి తేడా 11 గంటల 30 నిమిషాలు అవుతుంది. మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఆ బంధువు మార్చిలో అక్కడ గడియారం మార్చే రోజున కెమెరాను కూడా మార్చాడో లేదో ఎవరికి తెలుసు? పైగా ఏ కెమెరా గడియారమైనా రోజుకు ఒకటి రెండు సెకన్లు అటో ఇటో జారుతుంది. ఏడాదిగా సరిచేయని కెమెరాలో అది కొన్ని నిమిషాలు కావచ్చు. పెళ్లిలో రెండు నిమిషాలు తక్కువేమీ కాదు. జీలకర్ర బెల్లం పెట్టడం, అడ్డుతెర తొలగడం ఆ కాస్త వ్యవధిలోనే అయిపోతాయి. రెండు కెమెరాల ఫొటోలు అక్కడే ఎక్కువగా కలగలుస్తాయి. కాబట్టి తేడాను ఊహించకూడదు, కొలవాలి.

కొలవడానికి సులువైన దారి, సెకన్లు కూడా కనిపించేలా ఫోన్‌లో గడియారం తెరిచి ఆ కెమెరాతో దాన్ని ఒక ఫొటో తీయడం. పెళ్లి రోజునే తీస్తే మరీ మంచిది. ఒకటి రెండు రోజుల తర్వాత తీసినా ఫర్వాలేదు, కానీ ఆలోగా కెమెరా గడియారాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. తప్పు తెలియగానే గడియారం సరిచేయాలని చెయ్యి లాగుతుంది. ముందు ఫోన్‌ను ఫొటో తీసి, ఆ తర్వాతే సరిచేయాలి.

మన పెళ్లిలో ఆ ఫొటో ఉందనుకుందాం. ఫొటోలో ఫోన్ తెర మీద రాత్రి 22:14:30 కనిపిస్తోంది. అదే ఫొటో ఎక్సిఫ్‌లో 11:42:20 రాసి ఉంది. పెద్దదానిలోంచి చిన్నది తీసేస్తే 10 గంటల 32 నిమిషాల 10 సెకన్లు. ఊహించిన పదిన్నర గంటలకు పైన 2 నిమిషాల 10 సెకన్లు కెమెరా వెనకబడి ఉందన్నమాట.

గడియారం ఫొటో లేకపోతే, రెండు కెమెరాలూ ఒకే క్షణాన్ని పట్టిన ఫొటోలు వెతకాలి. అడ్డుతెర కిందికి జారుతున్న క్షణం దీనికి బాగా పనికొస్తుంది, ఎందుకంటే దాన్ని ఏ ఫొటోగ్రాఫరూ వదలడు. తెర సగం జారిన ఫొటో రెండింటిలోనూ దొరికితే, ఆ రెండు సమయాల తేడాయే మనకు కావాల్సిన అంకె. స్టూడియో కెమెరా కూడా సరిగ్గా ఉందన్న నమ్మకం లేకపోతే, అదే క్షణంలో అతిథులెవరైనా ఫోన్‌తో తీసిన ఫొటో అడిగి తెచ్చుకోవచ్చు. శుభలేఖ మీద అచ్చయిన ముహూర్తంతో మాత్రం కొలవకూడదు. రాత్రి 9 గంటల 47 నిమిషాలని అచ్చు వేసినా, పురోహితుడు ఆ పని చేయించింది ఒక నిమిషం ముందో వెనకో ఎవరూ చెప్పలేరు. ముహూర్తం తర్వాత సరిచూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ఇక జరపడం. ఈ పనికి చాలామంది వాడేది ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్. దీన్ని ఫిల్ హార్వే రాశాడు. బొమ్మలూ బటన్లూ ఉండవు, ఆజ్ఞ టైపు చేయాలి. మొదట బంధువు కెమెరా ఫొటోలను విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టాలి, దాని పేరు `C2` అనుకుందాం. రెండు కెమెరాలూ ఒకే మోడల్ అయితే ఫైళ్లు కలిసిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు ఎక్సిఫ్‌లో ఉండే కెమెరా సీరియల్ నంబరు చూసి విడదీయాలి. కెమెరా రా ఫైలునూ జేపెగ్‌నూ జంటగా రాస్తుంటే రెండూ ఆ ఫోల్డర్‌లోనే ఉండాలి. తర్వాత ఈ ఆజ్ఞ:

```
exiftool "-AllDates+=0:0:0 10:32:10" C2
```

మొదటి మూడు సున్నాలు ఏడాది, నెల, రోజు. ఆ తర్వాత గంటలు, నిమిషాలు, సెకన్లు. కెమెరా ముందుకు పరుగెత్తి ఉంటే `+=` బదులు `-=` రాయాలి. `AllDates` అన్న మాట ఫైలులోని మూడు సమయాలను కలిపి జరుపుతుంది, తీసిన సమయం అందులో ఒకటి. పని అయ్యాక ప్రతి ఫొటో పక్కనా `_original` అని చివర చేరిన పాత ఫైలు భద్రంగా ఉంటుంది.

ఆ పాత ఫైలు ఎందుకు ముఖ్యమో పొరపాటున అదే ఆజ్ఞను రెండోసారి కొట్టినప్పుడు తెలుస్తుంది. అప్పటికే జరిగిన ఫొటోలు మరో పదిన్నర గంటలు ముందుకు పోయి, పెళ్లి మర్నాటి ఉదయానికి వెళ్తుంది. ఇది ఎక్సిఫ్‌టూల్‌కు తెలియదు, చెప్పిన ప్రతిసారీ జరుపుతుంది. విరుగుడు కింది ఆజ్ఞ. ఇది మొట్టమొదటి ఫైళ్లను వెనక్కి తెస్తుంది, ఆ తర్వాత ఒక్కసారే జరుపుకోవచ్చు.

```
exiftool -restore_original C2
```

సరిగ్గా జరిగిందో లేదో చూడటానికి జీలకర్ర బెల్లం ఫొటో తెరవాలి. మన లెక్కలో దాని పాత సమయం 11:14:40, కొత్త సమయం 21:46:50. ముహూర్తం 9:47కు పది సెకన్ల ముందు వచ్చింది కాబట్టి నమ్మొచ్చు. అది 20:46 అని వచ్చి ఉంటే, డల్లాస్ గంట మార్పు లెక్కలో ఎక్కడో ఒక గంట తప్పినట్టు. 9:46 అని వస్తే ఉదయం, సాయంత్రం తారుమారు చేసినట్టు. తర్వాత రెండు కెమెరాల ఫొటోలు కలిపి తలంబ్రాల చుట్టుపక్కల పదిహేను ఇరవై చూస్తే చాలు. ఒకే బియ్యపు దోసిలి రెండు కోణాల నుంచి పక్కపక్కనే రావాలి.

సమయం సరిగ్గా జరిగినా మరో మెలిక మిగలొచ్చు. 2016లో ఎక్సిఫ్ ప్రమాణంలో ఒక కొత్త గడి చేర్చారు. ఆ సమయం ఏ ప్రాంతానిదో, గ్రీనిచ్ కాలానికి ఎంత ముందో వెనకో అందులో ఉంటుంది. పాత కెమెరాలు దాన్ని రాయవు, కొత్తవాటిలో చాలా రాస్తాయి. డల్లాస్ కెమెరా అందులో `-05:00` అని రాసి ఉంటుంది. గంటలు మాత్రం జరిపి ఈ గడిని అలాగే వదిలేస్తే, ఫైలులో రాత్రి పది గంటల తలంబ్రాలు అమెరికాలో జరిగినట్టు అర్థం వస్తుంది. ఈ గడిని పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌లో వరుస చక్కగా ఉంటుంది. పట్టించుకునే దాంట్లో మళ్లీ పదిన్నర గంటలు చెదిరిపోతుంది. ఒక కంప్యూటర్‌లో బాగున్న ఆల్బమ్ ఇంకోచోట ఎందుకు తలకిందులైందో అర్థంకాక జుట్టు పీక్కునే వాళ్లు ఈ గడిని ఒకసారి చూడాలి. దీన్ని దిద్దే ఆజ్ఞ ఇది:

```
exiftool "-OffsetTime*=+05:30" C2
```

జీపీఎస్ ఉన్న కెమెరా అయితే దానికి వేరే సమయపు గడి ఉంటుంది. అది ఉపగ్రహం నుంచి వచ్చే గ్రీనిచ్ కాలం. కెమెరా గడియారం తప్పినా అది సరిగ్గానే ఉంటుంది కాబట్టి దాన్ని జరపకూడదు. పైగా తేడా కొలవడానికి అదే మంచి ఆధారం. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన కాలం వస్తుంది.

ఆజ్ఞలు టైపు చేయడం ఇష్టం లేనివాళ్లకు లైట్‌రూమ్ క్లాసిక్‌లో `Edit Capture Time` అనే మెనూ ఉంది. ఫొటోలన్నీ ఎంచుకుని, ఎదురుగా ఉన్న ఒక్క ఫొటోకు సరైన సమయం ఇస్తే, మిగతావన్నీ అంతే తేడాతో జరుగుతాయి. గడియారం ఫొటోను ఎదురుగా పెట్టుకుంటే కూడికలు తీసివేతలు కూడా అక్కర్లేదు. గూగుల్ ఫొటోస్‌లో ఒకేసారి చాలా ఫొటోల తేదీ మార్చేటప్పుడు జరపడం ఒక ఎంపిక, అన్నిటికీ ఒకే సమయం పెట్టడం మరొకటి. రెండోది నొక్కితే పెళ్లంతా ఒకే నిమిషంలో జరిగినట్టవుతుంది, ఫొటోల మధ్య ఉన్న నిజమైన వ్యవధి పోతుంది. అక్కడ చేసిన మార్పు ఆ లైబ్రరీలో కనిపించే వరుసకే పరిమితం, ఫైలు లోపలి రాత పాతదిగానే ఉంటుంది.

అన్నిటికన్నా చిక్కు, గడియారం మధ్యలో మారిన సందర్భం. పెళ్లి మర్నాడు సత్యనారాయణ వ్రతం దగ్గర ఎవరో తప్పు గమనించి కెమెరాను మన కాలానికి మార్చారనుకుందాం. అప్పుడు ఒకే కార్డులో రెండు గడియారాల ఫొటోలు ఉంటాయి. మొత్తాన్ని కలిపి జరిపితే వ్రతం ఫొటోలు చెడిపోతాయి. దీన్ని పట్టుకోవడానికి ఫైళ్లను సమయం ప్రకారం కాకుండా ఫైలు నంబరు ప్రకారం పేర్చాలి, ఎందుకంటే నంబరు గడియారాన్ని పట్టించుకోదు. పక్కపక్క నంబర్ల మధ్య సమయం ఒక్కసారిగా గంతు వేస్తే అనుమానించాలి. అయితే రాత్రి అందరూ నిద్రపోయిన ఏడెనిమిది గంటల ఖాళీ కూడా గంతులాగే కనిపిస్తుంది. రెండూ కలిస్తే ఆ ఖాళీ పద్దెనిమిది గంటలకు పెరుగుతుంది. అందుకే గంతుకు ఇటు ఒక ఆధారం, అటు ఒక ఆధారం వెతికి, రెండు భాగాలను రెండు ఫోల్డర్లలో పెట్టి, అవసరమైనదాన్నే జరపాలి.

నెలల తరబడి బీరువాలో పడి ఉండి, లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయిన కెమెరా మరీ కష్టం. పెద్ద బ్యాటరీ మార్చిన ప్రతిసారీ అది మళ్లీ మొదటి తేదీ నుంచి లెక్క మొదలుపెట్టవచ్చు. అంటే ఒకే పెళ్లిలో మూడు బ్యాటరీలు మార్చితే మూడు వేర్వేరు తేడాలు. ప్రతి ముక్కలోనూ స్టూడియో ఫొటోతో కలిసే ఒక క్షణాన్ని వెతికి విడివిడిగా జరపడం తప్ప దానికి దగ్గరదారి లేదు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలను ఈ లెక్కలోకి తేవద్దు. అందులో ఫొటోగా పంపితే తీసిన సమయపు రాత తుడిచిపెట్టుకుపోతుంది. ఫైలు పేరులో కనిపించే తేదీ తీసినది కాదు. బంధువుల దగ్గర అడ్డుతెర ఫొటో అడిగేటప్పుడు, దాన్ని ఈమెయిల్‌లోనో, వాట్సాప్‌లోనే అయితే డాక్యుమెంట్‌గానో పంపమనాలి.