రంగు ట్యూబులో కనబడని జిగురు

ఫొటోలో రంగు కనబడుతుంది గాని జిగురు కనబడదు. వాటర్ కలర్‌కీ అక్రిలిక్‌కీ ఉన్న తేడా అంతా ఆ జిగురులోనే ఉంది. అల్ట్రామెరీన్ నీలం ట్యూబు ఏ రకానిదైనా తిప్పి చూడండి, వెనక పి.బి. 29 అనే ఒకే గుర్తు ఉంటుంది. అంటే రెండింట్లోనూ ఉన్నది అదే నీలం పొడి. ఆ పొడిని కాగితానికి పట్టి ఉంచేది ఏమిటన్నదే ప్రశ్న.

బొమ్మలు నేర్చుకుంటున్న ఒక అమ్మాయి ఫోను తెచ్చి చూపించింది. "సార్, మా బాబాయి ఈ సెట్టు పంపిస్తున్నారు. ఇవి వాటర్ కలర్సా, అక్రిలిక్కా? ఏ పేపర్ కొనుక్కోమంటారు?" ఫొటోలో పన్నెండు ట్యూబులు, మూడు బ్రష్షులు ఉన్నాయి. అట్టపెట్టె మీద లైటు పడి మెరవడంతో దాని మీది అక్షరాలు చదవడానికి వీల్లేదు. అయినా జవాబు చెప్పొచ్చు. ఎందుకంటే జిగురు తాను కనబడకపోయినా, తనను ఎలాంటి డబ్బాలో పెట్టాలో, ఏ బ్రష్షుతో పూయాలో తానే నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయాలు ఫొటోలో కనబడతాయి.

ముందు పాత జిగురు సంగతి. వాటర్ కలర్‌లో ఉండేది గమ్ అరబిక్. సూడాన్ వంటి ఆఫ్రికా దేశాల్లో తుమ్మ జాతి చెట్ల నుంచి తీస్తారు. మన తుమ్మ బంక దానికి దగ్గర చుట్టమే. దీని అణువు చక్కెర ముక్కలతో అల్లుకున్న గుబురు కొమ్మలా ఉంటుంది. నీళ్ళు ఆ కొమ్మల సందుల్లోకి తేలిగ్గా దూరతాయి. తడి ఆరిపోయాక అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడతాయి గాని అది బలహీనమైన పట్టు. మళ్ళీ నీళ్ళు తగిలితే వదిలేస్తాయి. ఏళ్ళ తరవాత తడిపినా అంతే.

ఎండినా మళ్ళీ లేచే ఈ గుణమే రంగు బిళ్ళకు ప్రాణం పోసింది. 1780 ప్రాంతంలో లండన్‌లో విలియం రీవ్స్ రంగును బిళ్ళలుగా అచ్చుపోశాడు. అంతకు ముందు చిత్రకారుడు పొడిని తానే నూరుకోవాలి. కాని ఆ తొలి బిళ్ళలు రాయిలా ఉండేవి, సాన మీద నీళ్ళు పోసి అరగదీయాల్సి వచ్చేది. 1830లలో విన్సర్ అండ్ న్యూటన్ వాళ్ళు గ్లిజరిన్ కలిపారు. గ్లిజరిన్ గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి తడి బ్రష్షు తాకగానే రంగు వచ్చేస్తుంది. ఇవాళ మన పిల్లల చేతుల్లో ఉండే కేక్ రంగుల డబ్బా ఆ వంశానిదే.

అక్రిలిక్ పుట్టుక వేరు, నాకు మహా ఇష్టమైనదీ అదే. ట్యూబులో ఉన్నది నిజానికి ద్రావణం కాదు. మిల్లీమీటరులో పదివేలో వంతు మాత్రమే ఉండే ప్లాస్టిక్ గుండ్లు కోటానుకోట్లు నీళ్ళలో తేలుతుంటాయి. ఒకదానికొకటి అంటుకోకుండా సబ్బులాంటి పదార్థం వాటిని విడివిడిగా ఉంచుతుంది. పాలు తెల్లగా కనబడేది ఎందుకో ఇదీ అందుకే తెల్లగా కనబడుతుంది: గుండ్లు వెలుతురును అన్ని వైపులకూ చిమ్ముతాయి.

పూశాక నీరు ఆవిరవుతుంది. గుండ్లు దగ్గరకు జరిగి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. వాటి సందుల్లో మిగిలిన కాస్త నీరు తలతన్యతతో వాటిని మరింత దగ్గరకు లాగుతుంది. బూందిని చేత్తో నొక్కి లడ్డు కట్టినట్టు గుండ్లన్నీ నొక్కుకుని పలకలు తేలతాయి. లడ్డులో బూంది విడిగానే కనబడుతుంది గాని, ఇక్కడ ఆ సరిహద్దులు కూడా చెరిగిపోతాయి. ఒక గుండులోని పాలిమర్ గొలుసు పక్క గుండులోకి చొచ్చుకుపోయి చిక్కుపడుతుంది. చివరికి గుండ్లుండవు, అతుకు లేని ఒక పొర ఉంటుంది. నీళ్ళు పోసి ఆ గొలుసులను విడదీయలేం. వెలుతురును చిమ్మే గుండ్లు పోయాయి కాబట్టి తెల్లదనమూ పోతుంది. అందుకే అక్రిలిక్ ఆరాక ఒక పిసరు ముదురుతుంది, వాటర్ కలర్ ఆరాక లేతబడుతుంది.

ఇలా కలిసిపోవాలంటే గుండ్లు కాస్త మెత్తగా ఉండాలి, అందుకు వెచ్చదనం కావాలి. సుమారు పది డిగ్రీల లోపు చలిలో అవి సరిగా కలవవు, పొర పొడిపొడిగా, పగుళ్ళతో మిగులుతుంది. మన మైదానాల్లో ఈ బెడద లేదు గాని డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో బయట కూర్చుని అక్రిలిక్ వేస్తే ఇది ఎదురు కావచ్చు.

తరవాతి చరిత్ర త్వరగానే చెప్పేయొచ్చు. ఇలాంటి గుండ్ల పాలను 1950లలో రోమ్ అండ్ హాస్ కంపెనీ గోడ రంగుల కోసం అమ్మింది. అమెరికాలోని సిన్సినాటిలో రంగులు తయారుచేసే హెన్రీ లెవిసన్ దాన్ని చిత్రకారుల రంగుగా మార్చి 1955లో లిక్విటెక్స్ పేరుతో తెచ్చాడు. ఇప్పుడది ఊళ్ళో స్టేషనరీ కొట్టులోనూ దొరుకుతుంది.

ఇక ఫొటో దగ్గరికి వద్దాం. పెట్టెలో గళ్ళు, గళ్ళలో బిళ్ళలు కనబడితే ఆలోచించే పని లేదు. అది అక్రిలిక్ అయ్యే అవకాశమే లేదు, ఒకసారి ఆరిన అక్రిలిక్ మళ్ళీ లేవదు కదా. వెడల్పు మూతి సీసాలైతే పోస్టర్ కలర్ కావచ్చు, అక్రిలిక్ కావచ్చు. పోస్టర్ కలర్‌లో మామూలుగా ఉండేది నీళ్ళలో కరిగే జిగురే. అలాంటప్పుడు ఫొటోతో తేల్చకుండా సీసా మీది పేరు చదవమనడమే మంచిది.

ఈ ఫొటోలో ట్యూబులున్నాయి, చిక్కు ఇక్కడే. ట్యూబుల్లో రెండూ వస్తాయి. 12 మి.లీ. పరిమాణంలోనూ రెండూ దొరుకుతాయి కాబట్టి కొలత ఒక్కటే సాక్ష్యం కాదు. మొదటి ఆనవాలు, ట్యూబులన్నీ ప్లాస్టిక్‌వి. అక్రిలిక్ పాలకు కొంచెం క్షారగుణం ఉంటుంది, అది అల్యూమినియాన్ని తింటుంది. అందుకని మామూలుగా ప్లాస్టిక్‌లో నింపుతారు. చవక వాటర్ కలర్లు కూడా ప్లాస్టిక్‌లో వస్తాయి కాబట్టి ఇది సగం సాక్ష్యమే.

రెండోది, ఫొటోను పెద్దది చేసి చూస్తే తెలుపు ట్యూబు మీద 'టైటానియం వైట్' అని ఉంది. వాటర్ కలర్ సెట్టులో తెలుపు ఉంటే ఎక్కువగా 'చైనీస్ వైట్' అని, అంటే జింకు తెలుపు అని రాసి ఉంటుంది. అసలు వాటర్ కలర్‌లో తెలుపంటే కాగితమే.

మూడోది నన్ను ఒప్పించింది. ఒక ట్యూబు మూతి దగ్గర కారి ఎండిన ఎరుపు ఉంది. దాని అంచు సాగిన రబ్బరు తోలులా మెరుస్తోంది. వాటర్ కలరైతే అక్కడ పగిలి పెళుసుగా కనబడేది.

బ్రష్షులూ అదే మాట చెప్పాయి. రెండింటికి పొడవాటి పిడి, లోహపు పట్టీ దగ్గర చదునుగా నొక్కిన ఆకారం, బిరుసైన తెల్లటి పంది వెంట్రుకలు. చిక్కటి రంగును తోయడానికి, నిలబడి వేయడానికి చేసినవి అవి. వాటర్ కలర్ బ్రష్షు పొట్టి పిడితో, గుండ్రటి పొట్టతో ఉంటుంది. నీళ్ళు ఆ పొట్టలో నిలవాలి, తడిస్తే కొన సూదిలా తేలాలి. మూడో బ్రష్షు అలాంటిదే, బంగారు రంగు నైలాన్ కుచ్చు. నైలాన్ కాబట్టి రెండు రంగులకూ పనికొస్తుంది. అదే సేబుల్ వెంట్రుకలదైతే అక్రిలిక్‌కి వాడొద్దని చెప్పేవాణ్ణి. పట్టీ లోపల రంగు ఆరితే కుచ్చు విచ్చుకుపోయి ఇక కొన తేలదు.

అక్రిలిక్ అనే చెప్పాను. సెట్టు చేతికొచ్చాక తేల్చుకోవడానికి ఒక పరీక్ష కూడా చెప్పాను. రంగును నీళ్ళు కలపకుండా ఒక గీత గీసి, పూర్తిగా ఆరనిచ్చి, తడి దూదితో రుద్దాలి. చూడాల్సింది కాగితాన్ని కాదు, దూదిని. కొన్ని వాటర్ కలర్ నీలాలు, ఆకుపచ్చలు కాగితంలోకి ఇంకి మరక వదలవు గాని దూదికి రంగు అంటి తీరుతుంది. దూది శుభ్రంగా వస్తే అక్రిలిక్. నీళ్ళు కలపొద్దనడానికి కారణముంది: బాగా పలచబడితే గుండ్లు చాలక పొర సరిగా కట్టదు, అప్పుడు అక్రిలిక్ కూడా దూదికి అంటి మోసం చేస్తుంది.

ఇప్పుడు కాగితం. కాగితమంటే ఒత్తుగా అల్లుకున్న పీచు, సందులన్నీ నీళ్ళను పీల్చే సన్నని గొట్టాలే. వట్టి పీచు మీద వాటర్ కలర్ వేస్తే రంగు లోపలికి దిగి మసకబారుతుంది. అందుకని వాటర్ కలర్ కాగితానికి జెలటిన్ వంటి జిగురు పట్టిస్తారు. దాన్నే సైజింగ్ అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జేమ్స్ వాట్‌మన్ తయారుచేసిన కాగితానికి చిత్రకారుల్లో పేరు రావడానికి ఒక కారణం ఈ గట్టి సైజింగే. ఒక నీటి చుక్క వేసి చూడండి. న్యూస్‌ప్రింట్ మీద వెంటనే పాకుతుంది, మంచి వాటర్ కలర్ షీటు మీద ముత్యంలా నిలబడి నిదానంగా ఇంకుతుంది. ఆ నిదానంలోనే వాష్ సమంగా పరుచుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. తడి మీద తడిగా పదేపదే కడిగి, రంగు ఎత్తి దిద్దేవాళ్ళకు నూరు శాతం కాటన్ కాగితం కావాలి. పొడవైన కాటన్ పీచు రుద్దినా తేలిగ్గా లేవదు.

అక్రిలిక్‌కి ఇంత సైజింగ్ అక్కర్లేదు. తన పొర తానే కట్టుకుంటుంది, కాగితం దాన్ని మోస్తే చాలు. దానికి కావలసినవి రెండు: బరువు, గరుకు. పలచని కాగితం మీద పొర ఆరుతూ ముడుచుకుని షీటును వంచేస్తుంది. నున్నటి ఆర్ట్ కార్డు మీద పట్టు దొరక్క పెచ్చులు లేస్తుంది. అందుకని 300 జి.ఎస్.ఎం., సన్నని గరుకున్న కోల్డ్ ప్రెస్ షీటు తీసుకోమన్నాను. చెక్క గుజ్జుతో చేసిన చవక రకమైనా సరిపోతుంది.

అట్ట మీది అంకె నమ్మాలో లేదో తెలియకపోతే తూకం వేయొచ్చు. ఎ4 షీటు చదరపు మీటరులో పదహారో వంతు. 300ని 16తో భాగిస్తే ఒక్కో షీటు సుమారు 19 గ్రాములు. పది షీట్లు 187 గ్రాముల దగ్గర తూగాలి. 125 గ్రాములే తూగితే అది 200 జి.ఎస్.ఎం. కాగితమన్నమాట.

ఇంట్లో ఇప్పటికే పలచటి డ్రాయింగ్ షీట్లు ఉంటే పారేయక్కర్లేదు. నాలుగు అంచులూ పలకకు టేపుతో బిగించి, జెస్సో పలచగా రెండు పూతలు వేసి, మొదటిది ఆరాకే రెండోది వేస్తే అక్రిలిక్‌కి పట్టు దొరుకుతుంది. వాటర్ కలర్‌కి మాత్రం ఈ ఉపాయం పనికిరాదు. జెస్సో కూడా అక్రిలిక్ పొరే కాబట్టి రంగు కాగితంలోకి ఇంకదు, పైపైనే ఉండి తడి చేయి తగిలితే చెరుగుతుంది. వాటర్ కలర్ వేసేవాళ్ళు డబ్బు ముందు కాగితం మీద పెట్టాలి. అక్రిలిక్ వేసేవాళ్ళు కాగితం మీద మిగుల్చుకుని, ఆ డబ్బుతో పెద్ద తెలుపు ట్యూబు కొనుక్కోవచ్చు. ఈ రంగుల్లో లేతదనం తెలుపు కలిపితేనే వస్తుంది కాబట్టి ముందుగా అయిపోయేది ఆ ట్యూబే.