మార్కుకు ఆధారం చూపించాలి

ఎకౌంటెంట్ ఉద్యోగానికి వచ్చిన ఒక రెజ్యూమేలో ఇలా ఉందనుకుందాం: ‘2021 జూన్ నుంచి 2023 మార్చి వరకు పనిచేశాను. జీఎస్టీ రిటర్నుల దాఖలులో సీనియర్‌కు సహాయపడ్డాను.’ దీన్ని ఏఐ భాషా మోడల్‌కి ఇచ్చి పదికి ఎన్ని మార్కులని అడిగితే, ఒకసారి ఏడు, మరోసారి అయిదు రావచ్చు. పైగా ‘మూడేళ్లుగా సొంతంగా రిటర్నులు దాఖలు చేశారు’ అని కారణం రాయవచ్చు. రెజ్యూమేలో ఉన్నది 22 నెలలు, అదీ సహాయకుడిగా.

మోడల్ రాసేది, ముందున్న మాటల తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి. ఎకౌంటెంట్ల గురించి మామూలుగా కనిపించే వాక్యం ఈ అభ్యర్థి ఖాతాలో పడిపోయేది అందుకే. టెంపరేచర్ అనే సెట్టింగును సున్నాకు తగ్గిస్తే జవాబుల్లో తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు. అసలు మరమ్మతు ప్రశ్నలోనే జరగాలి. ‘పదికి ఎన్ని’ అనడం మాని, ఒక్కో మార్కుకు అర్థమేమిటో ప్రాంప్ట్‌లోనే రాయాలి.

```
జీఎస్టీ రిటర్నులు:
0 - ప్రస్తావన లేదు
1 - వేరొకరికి సహాయం
2 - సొంతంగా దాఖలు
ముందు quote: రెజ్యూమేలోని వాక్యం, అక్షరం మార్చకుండా
వాక్యం లేకపోతే quote: null, score: 0
ఆ తర్వాతే score
```

ఇందులో వరుస ముఖ్యం. మార్కు ముందు వేయిస్తే, దాన్ని సమర్థించే కారణాన్ని మోడల్ తర్వాత అల్లుతుంది. వాక్యం ముందుంటే మార్కు దానికి కట్టుబడే అవకాశం ఎక్కువ. అనుభవాన్ని కూడా మోడల్ చేత లెక్కించకూడదు. తేదీలు మాత్రం ఏరి ఇమ్మని, నెలల లెక్క, మొత్తం మార్కుల కూడిక మామూలు ప్రోగ్రామ్‌కు వదిలేయాలి.

ఇక తనిఖీ. quoteలో ఇచ్చిన వాక్యం రెజ్యూమేలో యథాతథంగా ఉందో లేదో ప్రోగ్రామ్ వెతుకుతుంది. లేకపోతే ఆ మార్కు చెల్లదు, మనిషి చూడాల్సిందే. రెండు నిలువు వరుసల పీడీఎఫ్ అయితే అక్షరాలు బయటికి తీసేటప్పుడే వాక్యాలు కలగాపులగమవుతాయి. అలాంటప్పుడు తప్పు మోడల్‌ది కాకపోవచ్చు, ముందు ఆ పాఠాన్ని తెరిచి చూడాలి.

ఈ వెతుకులాటకు చిక్కని పొరపాటు ఒకటుంది. ‘సహాయపడ్డాను’ అన్న వాక్యాన్ని సరిగ్గానే ఎత్తి చూపి, పక్కన 2 వేయడం. వాక్యం నిజమే, దాని నుంచి తేల్చిన అర్థం తప్పు. దీన్ని పట్టాలంటే రెజ్యూమే మొత్తం అక్కర్లేదు. వాక్యం, మార్కు, పైన రాసుకున్న కొలమానం పక్కపక్కన పెట్టుకుని మనిషి చదివితే చాలు. ఎక్కువ మార్కులు వచ్చినవాటినే చూసి ఊరుకోకూడదు. సున్నా పడినవాటిలోనూ కొన్నిటిని తీసి, ఉన్న వాక్యాన్ని మోడల్ వదిలేసిందేమో చూడాలి.

నిలకడ తెలియాలంటే అదే రెజ్యూమేను కొన్నిసార్లు పంపాలి. ఒక అంశంలో మార్కు ఊగుతుంటే, ఆ కొలమానంలో రెండు మెట్ల మధ్య హద్దు స్పష్టంగా లేదేమో ముందు చూసుకోవాలి. ఆ తర్వాత పేరు మాత్రం మార్చి పంపాలి. ఒకే స్థాయి అర్హతలున్న రెజ్యూమేలకు వేర్వేరు పేర్లు తగిలించి 2024లో బ్లూమ్‌బర్గ్ జీపీటీ-3.5ను పరీక్షిస్తే, అది ఇచ్చిన ర్యాంకులు పేర్లు సూచించే జాతిని బట్టి మారాయి. పేరు, ఫొటో, పుట్టిన తేదీ మోడల్‌కు చేరకముందే తీసేయడం అవసరమే, కానీ చదివిన కళాశాల, ఊరు కూడా మనిషి ఎవరో చెప్పేస్తాయి కాబట్టి ఆ పరీక్షను వాటితోనూ చేయాలి.