అడగని బీమా, ఆగని కోత

సేవింగ్స్ ఖాతాలోంచి నెలనెలా బీమా ప్రీమియం పేరుతో కొంత డబ్బు పోతుంటుంది. ఖాతాదారు ఆ బీమా అడిగి ఉండడు, పాలసీ కాగితం కంటితో చూసి ఉండడు. ఇలాంటి కోతలు పెన్షనర్ల ఖాతాల్లో ఎక్కువ కాలం దాగుతాయి. పెన్షన్ ఒకటో తారీఖున ఠంచనుగా పడుతుంది, మందులకూ కరెంటు బిల్లుకూ కాస్త కాస్త తీస్తుంటారు, మిగిలింది ఖాతాలో ఉంటుంది. అందులోంచి ఎనభై తొమ్మిది రూపాయలు తగ్గితే ఎవరికీ తెలియదు. తగ్గించేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

ఈ తరహా ఫిర్యాదుల్లో తరచూ కనిపించే అంశాలతో ఒక ఉదాహరణ చూద్దాం. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు ఒకాయన. వయసు 66. భార్య మూడేళ్ల కిందట పోయారు. పాస్‌బుక్ చాలా నెలల తర్వాత ప్రింటు వేయిస్తే, ప్రతి నెలా 5వ తేదీన 89 రూపాయల పద్దు కనిపించింది. పక్కన ఉన్నవి నాలుగైదు ఇంగ్లీషు పొడి అక్షరాలే. వెనక్కి లెక్కపెడితే పద్నాలుగు నెలలు, మొత్తం 1,246 రూపాయలు.

అంతకాలం ఎందుకు కనిపించలేదంటే, కొన్ని బ్యాంకుల్లో పాస్‌బుక్ చాలాకాలం ప్రింటు వేయించకపోతే పాత పద్దులన్నీ కలిపి ఒకే వరుసలో జమ ఇంత, ఖర్చు ఇంత అని తేల్చేస్తారు. అసలు వివరం అందులో మునిగిపోతుంది. మెసేజ్ వచ్చినా ఇంగ్లీషులో ఉంటుంది, ప్రకటనల మెసేజ్‌ల మధ్య పడి ఉంటుంది. అందుకే అనుమానం వచ్చినప్పుడు పాస్‌బుక్‌ను నమ్ముకోకుండా, కోత మొదలైన నెల దొరికేదాకా పూర్తి స్టేట్‌మెంట్ తీసుకోవాలి. మొదటి కోత తేదీ దొరికితే సగం చిక్కు విడినట్టే. ఆ రోజుకు ముందు నాలుగైదు రోజుల్లో ఖాతాదారు బ్యాంకులో ఏం పని మీద ఉన్నాడో గుర్తు చేసుకోవచ్చు.

మాస్టారి విషయంలో ఆ పని కేవైసీ. ఆధార్ జిరాక్సు ఇచ్చి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టారు. కౌంటర్లో కుర్రాడు, "మాస్టారూ, మీ ఫోనుకో నంబరొచ్చి ఉంటుంది, చెప్పండి" అన్నాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని ఆరంకెలూ చదివారు. ఆ అంకెల పైన ఇంగ్లీషులో రెండు లైన్లు ఉన్నాయి. వాటిని ఆయన చదవలేదు, కుర్రాడు చదివి వినిపించలేదు. ఇలాంటి బీమా చాలా వరకు ఇలాగే పుడుతుంది. పక్కా మోసగాడు చేసేది వేరు. ఇక్కడ పని నిజమైనదే, బ్యాంకు నిజమైనదే. ఆ పని మధ్యలోకి ఇంకో పని దూరుతుంది. బ్యాంకులు బీమా కంపెనీలకు కార్పొరేట్ ఏజెంట్లుగా ఉండి కమిషన్ తీసుకోవడం చట్టబద్ధమే. సిబ్బంది మీద నెల టార్గెట్ల ఒత్తిడి ఉన్న చోట అడిగి అమ్మడానికీ, అంటగట్టడానికీ మధ్య గీత చెరిగిపోతుంది.

కోతను ఆపాలంటే డబ్బు ఏ దారిన పోతోందో ముందు తెలియాలి. ఒక దారి బ్యాంకు లోపలిదే: బ్యాంకు తన కంప్యూటర్లో పెట్టుకున్న ఆదేశం ప్రకారం ప్రతి నెలా తీసి బీమా కంపెనీకి పంపుతుంది. రెండోది నాచ్. దీన్ని నడిపేది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్. ఇందులో బీమా కంపెనీ వైపు నుంచి మాండేట్ అనే అనుమతి పత్రం వస్తుంది, దాని మీద నెలనెలా వసూలవుతుంది. స్టేట్‌మెంట్‌లో ACH లేదా NACH అనే అక్షరాలుంటే సాధారణంగా ఈ దారే. ప్రతి మాండేట్‌కూ UMRN అనే ప్రత్యేక సంఖ్య ఉంటుంది. రద్దు చేయమని అడిగేటప్పుడు ఆ సంఖ్య రాస్తే బ్యాంకు తప్పించుకోవడం కష్టం. మూడోది డెబిట్ కార్డు మీదో యూపీఐ ఆటోపే మీదో నడిచేది. దాన్ని ఫోన్ యాప్‌లోనే చూసి ఆపుకోవచ్చు.

కొందరు కోపంతో ఖాతా ఖాళీ చేసేస్తారు, డబ్బు లేకపోతే ఎలా తీస్తారో చూద్దామని. నాచ్ దారిలో ఇది ఎదురు తన్నుతుంది. మాండేట్ వచ్చినప్పుడు ఖాతాలో సొమ్ము లేకపోతే, చెక్కు తిరిగొచ్చినట్టే లెక్కగట్టి చాలా బ్యాంకులు జరిమానా వేస్తాయి, దాని మీద జీఎస్టీ అదనం. 89 రూపాయలు కాపాడుకోబోతే వందల్లో పోతుంది.

మాస్టారు మేనేజరు దగ్గరికి వెళ్తే వచ్చిన జవాబు చాలామందికి వచ్చేదే: "ఓటీపీ మీరే ఇచ్చారు కదండీ. సరే, వచ్చే నెల నుంచి ఆపించేస్తాను, ఇక్కడ సంతకం పెట్టండి." ఇచ్చిన కాగితం పాలసీని 'నా ఇష్టపూర్వకంగా రద్దు చేసుకుంటున్నాను' అనే ఫారం. మర్యాదగా కనిపించే ఈ కాగితంతోనే జాగ్రత్త. దాని మీద సంతకం పెడితే అప్పటిదాకా పాలసీ తన ఇష్టంతోనే నడిచిందని ఒప్పుకున్నట్టు అర్థం తీయవచ్చు. రేపటి కోత ఆగుతుంది గానీ నిన్నటి 1,246 రూపాయల మాట ఎత్తే వీలు సన్నగిల్లుతుంది.

పాలసీ పత్రం అందాక 30 రోజుల్లో వద్దనుకుంటే వెనక్కివ్వగల 'ఫ్రీ లుక్' హక్కు ఒకటుంది. దాన్ని వాడుకోమని కొందరు సలహా ఇస్తారు. అది తెలిసి కొని మనసు మార్చుకున్నవాడి హక్కు. అందులో బీమా రక్షణ ఉన్న రోజులకు లెక్కగట్టి కొంత, స్టాంపు ఖర్చు కింద కొంత తగ్గించుకుని మిగతాది ఇస్తారు. అసలు కొననే లేదన్నవాడి వాదన వేరు. 1872 నాటి భారతీయ ఒప్పందాల చట్టం ప్రకారం ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి. కేవైసీ అనుకుని ఒకరు, బీమా అనుకుని ఇంకొకరు ఉన్నప్పుడు ఆ షరతు నెరవేరలేదని వాదించవచ్చు. కాబట్టి ఫిర్యాదులో 'రద్దు చేయండి' అని రాయడం కంటే 'నా అనుమతి లేకుండా తీసిన సొమ్ము మొదటి నెల నుంచీ తిరిగి జమ చేయండి' అని రాయడమే సరైన మాట.

మాస్టారు ఫారం పక్కన పెట్టి, తెల్లకాగితం మీద తెలుగులోనే ఫిర్యాదు రాశారు. కోతల తేదీలన్నీ వేసి, తన సంతకం ఉన్న బీమా దరఖాస్తు ప్రతి, ఓటీపీ పంపినప్పటి మెసేజ్ పాఠం, బీమా సర్టిఫికెట్ అడిగారు. రెండో ప్రతి మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకున్నారు. ఇలాంటి తగాదాల్లో ఎంత గట్టిగా అరిచినా రాని ఫలితం ఆ ముద్ర వల్ల వస్తుంది. గడువు లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే.

రెండు వారాల తర్వాత వచ్చిన కాగితాల్లో అసలు సంగతి బయటపడింది. అది మూడు లక్షల రూపాయల ప్రమాద బీమా, గ్రూపు పాలసీ. నామినీ గడిలో ఆయన భార్య పేరు ఉంది. ఆవిడ పోయి అప్పటికే ఏళ్లు గడిచాయి. ఖాతా తెరిచిన నాటి వివరాలను కంప్యూటర్ అలాగే ఎత్తి ఫారంలో నింపిందన్నమాట. తెలిసి బీమా తీసుకునే మనిషి ఎవరైనా పోయిన భార్యను నామినీగా రాయడు. అనుమతి అడగలేదనడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. ఇలాంటి ఫారం చేతికొచ్చినప్పుడు నామినీ పేరు, వయసు, వృత్తి, చేతిరాత ముందు చూడాల్సింది అందుకే. ఖాతాదారు నోటితో చెప్పకపోతే తప్పులు పడేది ఆ గళ్లలోనే.

ఇంకో సంగతి సర్టిఫికెట్ వెనక పేజీలో ఉంది: పథకంలో చేరే గరిష్ఠ వయసు 65. మాస్టారు చేరినట్టు చూపిన నాటికే ఆయనకు 65 దాటాయి. అంటే ప్రీమియం వసూలవుతూనే ఉంది గానీ ప్రమాదమే జరిగి క్లెయిమ్ పెట్టి ఉంటే, వయసు పేరుతో తిరస్కరించడానికి కారణం సిద్ధంగా ఉంది. 'పోనీలే, చిన్న మొత్తమే కదా, ఏదో బీమా ఉంటుందిగా' అని వదిలేసేవాళ్లు గమనించాల్సింది ఇదే. పైగా పాలసీ ఉందని ఇంట్లో ఎవరికీ తెలియనప్పుడు క్లెయిమ్ పెట్టేదెవరు? పోల్చి చూడాలంటే, కేంద్ర ప్రభుత్వ ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో 70 ఏళ్ల దాకా రెండు లక్షల ప్రమాద బీమాకు ఏడాదికి 20 రూపాయలే. మాస్టారి ఖాతాలోంచి ఏడాదికి పోయింది 1,068. సురక్షా బీమా కోత ఏడాదికి ఒక్కసారి, మే నెలాఖరు ప్రాంతంలో పడుతుంది. అదైనా ఖాతాదారు అనుమతి ఇస్తేనే తీయాలి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టవచ్చు, పోస్టులోనూ పంపవచ్చు. ఫీజు లేదు. వకీలు ద్వారా పెడితే తీసుకోరు, సొంతంగా రాయవచ్చు. బీమా కంపెనీ మీద ఫిర్యాదుకు దారి వేరు: ముందు కంపెనీకి, తర్వాత బీమా భరోసా పోర్టల్‌కు లేదా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కార్యాలయం పరిధిలోనివే. ఏ గుమ్మం ఎక్కాలన్న అయోమయంలో నెలలు గడిచిపోతుంటాయి. అనుమతి లేకుండా ఖాతాలోంచి తీశారన్నది బ్యాంకు తప్పు, కనుక అది రిజర్వు బ్యాంకు దారి. పాలసీ గురించి అబద్ధం చెప్పి అమ్మారన్నది బీమా దారి.

అన్ని ఫిర్యాదులూ నెగ్గుతాయని కాదు. ఓటీపీ మెసేజ్‌లో బీమా పేరు, ప్రీమియం స్పష్టంగా ఉండి, నామినీ వివరాలు కూడా సరిగ్గా ఉంటే, చదవకుండా చెప్పానన్న వాదన బలహీనపడుతుంది. బ్యాంకు దగ్గర ఆ మెసేజ్ వెళ్లిన సమయం సెకన్లతో సహా ఉంటుంది. కౌంటర్లో నోటిమాటగా ఏం చెప్పారన్నదానికి మాత్రం రికార్డు ఉండదు.

మాస్టారి ఫిర్యాదు అంబుడ్స్‌మన్ దాకా పోలేదు. నామినీ సంగతి, వయసు సంగతి రాసి రెండో ఉత్తరం ఇచ్చాక 1,246 రూపాయలూ ఖాతాలో పడ్డాయి. అయితే సొమ్ము తిరిగి రావడం, మాండేట్ రద్దవడం ఒకటి కాదు. జమ అయ్యాక కూడా పాత మాండేట్ సజీవంగా ఉండి మళ్లీ కోత పడ్డ సందర్భాలు ఉంటాయి. కాబట్టి మాండేట్ రద్దయినట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి. తర్వాత రెండు మూడు నెలల పాటు 5వ తేదీ దాటాక స్టేట్‌మెంట్ చూసుకోవాలి. అదే బ్యాంకులో ఇంకో ఖాతా, డిపాజిట్, డెబిట్ కార్డు ఉంటే వాటి మీదా ఏమైనా మాండేట్లు నడుస్తున్నాయేమో ఒకేసారి అడిగి జాబితా రాయించుకోవాలి.