200 కిలోమీటర్ల దూరపు మేఘం 50 దగ్గర ఎందుకు కనిపిస్తుంది?

మచిలీపట్నంలో, విశాఖపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లున్నాయి. తుపాను సమయంలో టీవీలో చూపించే రంగుల బొమ్మలు ఇలాంటి రాడార్లు గీసినవే. అయితే అందులో కనిపించే ప్రతి మేఘమూ కనిపించిన చోటే ఉందని నమ్మడానికి లేదు.

రాడార్ ఒక రెప్పపాటులో వెయ్యోవంతు కూడా ఉండనంత సేపు రేడియో తరంగాన్ని వదిలి, ప్రతిధ్వని కోసం కాచుకుంటుంది. ఆ తరంగపు తునకే పల్స్. అది మైక్రోసెకనుకు 300 మీటర్లు పరుగెడుతుంది. వెళ్లి రావాలి కాబట్టి, మైక్రోసెకను ఆలస్యమైతే వస్తువు 150 మీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క.

పల్స్ ఒక మైక్రోసెకను సాగితే గాలిలో దాని పొడవు 300 మీటర్లు. ఒకే దిశలో రెండు వస్తువులు 100 మీటర్ల ఎడంతో ఉన్నాయనుకోండి. వెనకదాని ప్రతిధ్వని అదనంగా తిరగాల్సింది 200 మీటర్లే. ముందుదాని ప్రతిధ్వని ఇంకా వస్తుండగానే అదీ వచ్చి కలిసిపోతుంది, రాడార్‌కు ఒక్క వస్తువే కనిపిస్తుంది. విడివిడిగా కనిపించాలంటే ఎడం 150 మీటర్లైనా ఉండాలి. దీన్నే దూర విభేదనం అంటారు. పల్సును పొట్టి చేస్తే ఇది మెరుగవుతుంది కానీ, వెళ్లే శక్తి తగ్గి దూరపు చిరుజల్లు దొరకదు.

ఇక అసలు చిక్కు. సెకనుకు ఎన్ని పల్సులు వదులుతుందో అది పీఆర్‌ఎఫ్. 1000 వదిలితే రెంటి మధ్య మిల్లీసెకను వ్యవధి. అంతలో వెళ్లి రాగల దూరం 150 కిలోమీటర్లు. సందేహం లేకుండా చెప్పగల గరిష్ఠ దూరం అదే:

R = c / (2 × PRF)

200 కిలోమీటర్ల దూరపు మేఘం నుంచి ప్రతిధ్వని వచ్చేసరికి రెండో పల్స్ వెళ్లిపోయి ఉంటుంది. రాడార్ దాన్ని రెండో పల్సు ఖాతాలో వేసి, మేఘాన్ని 50 కిలోమీటర్ల దగ్గర గీస్తుంది. ఆ బొమ్మ చూడగానే అనుమానం రావాలి. 20 కిలోమీటర్ల అడ్డు వెడల్పున్న మేఘం 5 కిలోమీటర్లకు కుదించుకుపోతుంది, లోతు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే రాడార్ వైపు గురిపెట్టిన సన్నని ఈటెలా, ఉండాల్సిన దానికన్నా బలహీనంగా కనిపిస్తుంది.

తేల్చుకోవాలంటే పీఆర్‌ఎఫ్ 1200కు మార్చి చూడాలి. హద్దు 125 కిలోమీటర్లవుతుంది. నిజంగా 50లో ఉన్న మేఘం కదలదు. దొంగ మేఘం 75కు జరుగుతుంది. మొదటి లెక్కలో అది 50, 200, 350లలో ఎక్కడైనా ఉండొచ్చు. రెండో లెక్కలో 75, 200, 325. రెంటికీ కలిసేది 200.

పీఆర్‌ఎఫ్‌ను 300కు దించితే హద్దు 500 కిలోమీటర్లకు పెరుగుతుంది. కానీ గాలివేగం దగ్గర దెబ్బతింటాం. 10 సెంటీమీటర్ల తరంగంతో, 1000 పీఆర్‌ఎఫ్ దగ్గర గంటకు 90 కిలోమీటర్ల దాకా తికమక లేకుండా చెప్పగల రాడార్, 300 దగ్గర 27తోనే ఆగిపోతుంది. తుపాను గాలికి అది ఏ మూలకూ చాలదు. అందుకే చాలా వాతావరణ రాడార్లు తక్కువ పీఆర్‌ఎఫ్‌తో వాన ఎక్కడుందో చూసి, ఎక్కువ పీఆర్‌ఎఫ్‌తో మళ్లీ తిరిగి గాలివేగం కొలుస్తాయి.