ఖాళీ జేబు, నాలుగు లింకులు

మొన్న సాయంత్రం బడ్డీకొట్టు దగ్గర టీ తాగి ఫోను తీశాను. స్కాన్ చేశాక తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. "సర్వర్ డౌన్ అయినట్టుంది సార్, రేపివ్వండి" అన్నాడు కొట్టాయన. ఏ సర్వర్ అన్నది ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు. ఎందుకంటే ఆ పది రూపాయలు దాటాల్సిన గడపలు కనీసం నాలుగు: నా ఫోనులోని యాప్, అక్కడినుంచి ఎన్‌పీసీఐ వారి యూపీఐ స్విచ్, డబ్బు తీసే నా బ్యాంకు, డబ్బు వేసుకునే ఆయన బ్యాంకు. పెళ్ళిపందిట్లో సీరియల్ బల్బుల దండలాంటిదే ఇది. నాలుగూ ఒకేసారి పనిచేస్తేనే సౌండ్ బాక్స్ మాట్లాడుతుంది.

లెక్క కోసం ఒక్కొక్కటీ 99.5 శాతం సమయం పనిచేస్తుందనుకుందాం. ఇవి నేను అనుకున్న అంకెలే, ఏ సంస్థవీ కావు. వెయ్యిసార్లు చెల్లించబోతే మొదటి గడప దాటేవి 995. వాటిలో మళ్ళీ 99.5 శాతమే రెండోది దాటుతాయి, అంటే 990. మూడోది దాటేవి 985, నాలుగోది దాటేవి 980. అందుకే ఇక్కడ గుణకారం:

0.995 × 0.995 × 0.995 × 0.995 = 0.980

ముప్పై రోజుల నెలకు 720 గంటలు. ఒక్క లింకు చెడేది 3.6 గంటలే అయినా, దండ మొత్తం చెడేది దాదాపు 14.3 గంటలు. నోటిలెక్కకైతే ఆగిపోయే శాతాలను కూడితే చాలు: నాలుగు అరలు, రెండు శాతం. గుణకారం కాస్త తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే రెండు లింకులు ఒకే సమయంలో పడిపోయిన క్షణాలను కూడిక రెండుసార్లు లెక్కపెడుతుంది.

ఇప్పుడు నాకు రెండో బ్యాంకులోనూ ఖాతా ఉందనుకోండి. ఒకటి పనిచేయకపోతే రెండోది నొక్కుతాను. ఇక్కడ పనిచేసే శాతాలను కాదు, ఆగిపోయే శాతాలను గుణించాలి. ఇద్దరూ ఒకేసారి చేతులెత్తేస్తేనే నా పని ఆగుతుంది కాబట్టి 0.005 × 0.005, అంటే నలభైవేల సార్లకు ఒక్కసారి. బ్యాంకు వల్ల నెలకు 3.6 గంటలు ఆగేది ఒక్కసారిగా 65 సెకన్లకు దిగింది!

సంబరపడి దండ మొత్తం మళ్ళీ లెక్కేశాను. 98 శాతం కాస్తా 98.5 అయిందంతే. 14.3 గంటలు 10.8 అయ్యాయి. మిగతా మూడు లింకులూ ఎప్పటిలాగే ఒంటరిగా ఉన్నాయి మరి. కొట్టాయన కూడా ఇంకో బ్యాంకు క్యూఆర్ పెట్టుకుంటే 7.2 గంటలకు వస్తుంది. స్విచ్‌కు జోడీ పెట్టడం మాత్రం ఆయన వల్లా కాదు, నా వల్లా కాదు.

అసలు తమాషా జేబులోని నోటుది. నేను నోట్లు తెచ్చుకోవడంలో బద్ధకస్తుణ్ణి. పదిసార్లకు ఒకసారి జేబు ఖాళీ. అంటే 90 శాతమే నమ్మదగిన దారి. కానీ అది ఒక్క లింకుకు కాదు, దండ మొత్తానికి పక్కదారి. యూపీఐ ఆగే 1.985 శాతాన్ని జేబు ఖాళీగా ఉండే పది శాతంతో గుణిస్తే 0.2 శాతం, నెలకు గంటన్నర కూడా లేదు. 99.5 శాతం బ్యాంకును రెండోది తెచ్చి ఒక్క లింకు పక్కన పెట్టినదానికంటే, 90 శాతం జేబును మొత్తం దారి పక్కన పెట్టడమే ఎక్కువ పనిచేసింది. మొన్న సాయంత్రం ఆ పదోసారి వచ్చిందన్నమాట.

ఈ గుణకారాలన్నిటి వెనకా ఒక షరతు ఉంది: ఒకటి చెడడానికీ రెండోది చెడడానికీ సంబంధం ఉండకూడదు. నా రెండు బ్యాంకులూ ఒకే ఫోనులో, ఒకే టవర్ మీద ఆధారపడ్డవే. జీతాలు పడే రోజున రెండిటి మీదా రద్దీ ఒకేసారి రావచ్చు. ఒక్కో బ్యాంకు ఆగే అర శాతంలో 0.1 శాతం ఇలా ఇద్దరికీ ఉమ్మడి కారణం వల్ల వస్తుందనుకోండి. మిగిలిన 0.4 శాతాలనే గుణించవచ్చు, ఆ ఉమ్మడి ముక్కను ఉన్నదున్నట్టు కలపాలి. అప్పుడు ఇందాకటి 65 సెకన్లు దాదాపు 44 నిమిషాలవుతాయి. అందులో సింహభాగం ఆ చిన్న ఉమ్మడి ముక్కదే. రెండు ఇంటర్నెట్ లైన్లు తీసుకుని, రెండు వైర్లూ ఒకే స్తంభం మీదుగా వేయించుకున్నవాళ్ళ కథ కూడా ఇదే.

ఉమ్మడి కారణం ఉందో లేదో శాతాలు చూస్తే తెలియదు, గడియారం చూస్తే తెలుస్తుంది. ఒక్కొక్కటీ ఎప్పుడు ఆగిందో ఒక కాగితం మీద గంటలతో రాసుకుంటే చాలు. అర శాతం చొప్పున ఆగే రెండు, సంబంధం లేనివైతే, ఒకేసారి ఆగడం ఏడాది మొత్తానికి పదమూడు నిమిషాలే. ఒకే నెలలో రెండుమూడు సార్లు ఇద్దరి గంటలూ కలిశాయంటే, మీ రెండు దారులూ ఎక్కడో ఒకే వంతెన మీద నడుస్తున్నాయి.