వానొస్తే అండర్‌పాస్‌లో బండి ఆపుతున్నారా?

గుంటూరు-గుంతకల్లు రైలు మార్గం మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా వెళ్తుంది. ఇలాంటి పట్టాల కింది అండర్‌పాస్‌లలో వాన మొదలవగానే బైకులు ఆపి నిలబడేవారిని మీరు చూసే ఉంటారు. తడవకుండా ఉండటం సరే, చోటే తప్పు. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం సొరంగంలో, వంతెనపై పార్కింగ్ కూడదు.

వెలుతురులోంచి చీకట్లోకి వచ్చిన డ్రైవర్ కళ్లు సర్దుకోవడానికి కాస్త సమయం పడుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే రెండు సెకన్లలోనే 22 మీటర్లు దాటేస్తారు. ఆలోగా ఆగి ఉన్న బండి ఆయనకు కనిపించకపోవచ్చు.

అందుకే లోపలికి దిగే ముందే వేగం తగ్గించి, లోబీమ్ లైటు వేయండి. హైబీమ్ వేస్తే ఎదుటివారికి ఏమీ కనిపించదు. ముందు బండికి రెండు సెకన్ల దూరం ఉంచండి, రోడ్డు తడిగా ఉంటే అది రెట్టింపు కావాలి. ఓవర్‌టేక్ బయటికొచ్చాకే. నిలిచిన నీటి కింద రోడ్డు కనిపించకపోతే దిగొద్దు, వేరే దారి చూసుకోండి.