నూరు ఎస్‌ఓపీల్లో ఒక మిరప చేను

అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేసే మన పిల్లలు ఎస్‌ఓపీ రాయడానికి వారాల తరబడి తంటాలు పడతారు. ఈ చదువు ఎందుకు, ఇక్కడే ఎందుకు అని ఒకటి రెండు పేజీల్లో చెప్పుకునే స్టేట్‌మెంట్ అది. దాన్ని చదివేవాళ్లు ఎలా చదువుతారో మాత్రం మనలో చాలామందికి తెలియదు.

అక్కడి ఓ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ విభాగంలో పనిచేసే తెలుగు ప్రొఫెసర్ ఒకావిడ ఆ సంగతి చెప్పారు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కూడా కొన్ని మార్చాను. డిసెంబరులో గడువు ముగిశాక అప్లికేషన్లు కమిటీలోని ప్రొఫెసర్లకు పంచుతారు. ఒక్కో ఫైలూ ఇద్దరు చదివి, ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేస్తారు. ఇద్దరి మార్కులకూ పొంతన లేకపోతే మూడో మనిషి చదువుతారు. క్లాసులు మొదలయ్యేలోగా పూర్తిచేయాలని ఆవిడ ఓ జనవరి శనివారం వంద ఫైళ్లు ముందేసుకున్నారు. ఒక్కోదానికి ఐదు నిమిషాలు వేసుకున్నా ఎనిమిది గంటల ఇరవై నిమిషాల పని. అందులోనే మార్కుల జాబితా, రికమెండేషన్ లెటర్లు కూడా చూడాలి. స్టేట్‌మెంటుకు దక్కేది మహా అయితే రెండు నిమిషాలు.

ఆవిడ ముందు మార్కులే చూస్తారు. థర్డ్ ఇయర్‌లో ఎందుకు తగ్గాయి, ఏ సబ్జెక్టులో నిలకడగా ఉన్నాయి అని ఓ ప్రశ్న మనసులో పెట్టుకుని ఎస్‌ఓపీ తెరుస్తారు. మార్కుల్లోనూ రెజ్యూమెలోనూ లేనిది ఇందులో ఏముంది అన్నదే ఆవిడ వెతుకులాట. చాలావాటిలో ఏమీ ఉండదు. చిన్నప్పుడు నాన్న కంప్యూటర్ కొనిచ్చారు, ఆ రోజే నా దారి తేలిపోయింది అని మొదలవుతాయి. ఆఖరి పేరాలో ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్లోంచి ఎత్తిన ముగ్గురు ప్రొఫెసర్ల పేర్లు ఉంటాయి. వాళ్లలో ఒకాయన రిటైరై చాలాకాలమైంది. ఒక ఎస్‌ఓపీలోనైతే వేరే యూనివర్సిటీ పేరే మార్చకుండా వదిలేశారు.

ఇది మన కన్సల్టెన్సీల ఘనతే అనుకోనక్కర్లేదు. బ్రిటన్‌లో డిగ్రీ అప్లికేషన్లు చూసే యూకాస్ సంస్థ 2007లో 50 వేల స్టేట్‌మెంట్లను పోల్చి చూస్తే, ఎనిమిదేళ్ల వయసులో పైజమాకి నిప్పంటించుకుని చిల్లు పెట్టుకున్న కథ 234 మందికి ఉందని తేలింది! నెట్‌లో దొరికిన ఒకే నమూనాను అంతమందీ దింపేశారు.

ఆ శనివారం చదివిన వందలో ఆవిడకు ఇప్పటికీ గుర్తున్నది ఒక్కటే. రాసిన అబ్బాయిది పేరున్న కాలేజీ కాదు, మార్కులు ఓ మోస్తరు. ఇంగ్లిష్‌లో ఒకటి రెండు తప్పులున్నాయి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా అతను మిరప ఆకుల ఫొటోలు చూసి తెగులు పట్టే ప్రోగ్రామ్ చేశాడు. పరీక్షిస్తే నూటికి 96 సరిగ్గా చెప్పింది. ఇలాంటి ప్రాజెక్టులు ఆవిడ ఆ రోజే నాలుగైదు చూశారు. అన్నింట్లోనూ 90 దాటిన అంకె గర్వంగా నిలబడి ఉంది.

ఇతను మాత్రం ఆ ప్రోగ్రామ్‌ను వాళ్ల మేనమామ చేనుకు తీసుకెళ్లాడు. అక్కడ అది తడబడింది. ఎందుకని వెతికితే అసలు లోపం దొరికింది. ఒకే మొక్కకు పది ఫొటోలు తీసి, అన్నిటినీ కలగలిపి, కొన్నిటితో ప్రోగ్రామ్‌కు నేర్పి మిగతావాటితో పరీక్ష పెట్టారు. పరీక్షలో వచ్చినవి అది ముందే చూసిన మొక్కలన్నమాట. తెగులుకు బదులు ఆ చేని మట్టినీ ఎండనీ గుర్తుపట్టినా మార్కులు పడిపోతాయి. ఈసారి కొన్ని చేలతో నేర్పించి, అది చూడని చేలతో పరీక్షిస్తే 96 కాస్తా 68కి దిగింది. ఈ రెండు అంకెలూ ఎస్‌ఓపీలో రాశాడు. కొత్త చేలో కూడా పనిచేసేలా నేర్పించడం ఎలాగో తనకు తెలియదనీ, అది నేర్చుకోవడానికే వస్తానంటున్నాననీ రాశాడు.

ఆవిడ వెంటనే అతని గైడ్ రాసిన లెటర్ తీశారు. రిపోర్టు ఇచ్చేశాక కూడా వచ్చి ఫలితాన్ని సరిదిద్దుకున్నాడని అందులో ఉంది. మాట మాటకు సరిపోయింది. ఎస్‌ఓపీ ఎంత బాగున్నా పక్క కాగితం బలపరచకపోతే తాను నమ్మనంటారావిడ. అలాగని ఇది అందరికీ పనికొచ్చే చిట్కా కూడా కాదు. గణితంలో పునాది లేని ఫైలును ఏ ఎస్‌ఓపీ గట్టెక్కించలేదు. ఇతనికి లీనియర్ ఆల్జీబ్రాలో మంచి మార్కులే ఉన్నాయి.

ఆవిడ ఐదు వేశారు, రెండో ప్రొఫెసర్ మూడు వేశారు. మూడో మనిషి చదివాక సీటు ఇచ్చారు. ఫీజులో రాయితీ ఇవ్వడానికి మాత్రం డబ్బుల్లేవన్నారు. మరో యూనివర్సిటీ సగం ఫీజు తగ్గిస్తానంటే అతను అక్కడ చేరాడు.